ఇన్విజిలేషన్ డ్యూటీ నుంచి మినహాయింపు కోరుతూ

తిరుపతి,
12-02-2026.

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, తిరుపతి రూరల్.

విషయం: 20-02-2026, శుక్రవారం, పదో తరగతి ప్రీ ఫైనల్ ఇన్విజిలేషన్ డ్యూటీ నుంచి మినహాయించమని వినతి.

ఆర్యా,

నిన్న స్టాఫ్ రూములో పెట్టిన డ్యూటీ చార్టులో శుక్రవారం 3వ నంబరు గదికి నా పేరు ఉంది. అదే రోజు తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు కాణిపాకంలో మా తమ్ముడి పెండ్లి. మూఢం వెళ్ళాక మా రెండు ఇండ్లవాళ్ళకూ కుదిరిన ముహూర్తం ఇదొక్కటే. చార్టు చూడగానే పెండ్లి జరిపించే అయ్యవారికి ఫోన్ చేసి ఇంకో రోజు చూడమని అడిగాను కూడా. పత్రికలు పంచేసిన తరువాత అడుగుతావేమమ్మా అన్నారు.

ముహూర్తం తెల్లవారుజామునే కదా, తొమ్మిదిన్నరకు బడికి రాలేరా అని మీరు అడగవచ్చు. నేనూ ఆ లెక్క వేసి చూశాను సార్. కాణిపాకం నుంచి తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు. తలంబ్రాలు, అప్పగింతలు అయి బయలుదేరేసరికి ఏడు దాటుతుంది. కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టేది తొమ్మిది, పది మధ్యలో. ఆమెకు ఆడబిడ్డను నేనొక్కదాన్నే. హారతి పళ్ళెం పట్టుకుని గడపకు అడ్డం నిలబడి, ఇద్దరి చేతా పేర్లు చెప్పించాల్సింది నేనే. నాన్న లేరు, అమ్మకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు నిలబడలేదు. ఒకవేళ పరుగున వచ్చినా, రాత్రంతా నిద్ర లేకుండా మూడుంపావు గంటలు పిల్లల్ని సరిగా చూసుకోగలనని చెప్పలేను.

మ్యాథ్స్ రమణయ్య సార్‌తో మాట్లాడాను. శుక్రవారం నా గదికి ఆయన వెళ్తానన్నారు. బదులుగా 23వ తేదీ, సోమవారం ఆయన డ్యూటీ నేను చేస్తాను. ఆయన సంతకం కింద ఉంది. మీరు ఒప్పుకుంటే చార్టులో ఆ రెండు పేర్లు మార్చితే సరిపోతుంది, మిగతా ఎవరికీ ఇబ్బంది ఉండదు. 19వ తేదీ నా డ్యూటీ మామూలుగానే చేసి, సాయంత్రం బడి వదిలాకే కాణిపాకానికి బయలుదేరుతాను. శుక్రవారం ఒక్క రోజుకు సీఎల్ పెడుతున్నాను. సోషల్ పేపర్లు దిద్దడం మాత్రం ఆగదు, 24 లోపు మార్కులు ఇచ్చేస్తాను.

పరీక్షల సమయంలో ఇలా అడగడం నాకూ సంకోచంగానే ఉంది. ఈ బడికి వచ్చిన ఆరేళ్ళలో ఇన్విజిలేషన్ వద్దని అడగడం ఇదే మొదటిసారి. దయచేసి అనుమతించగలరు.

పెండ్లి పత్రిక జత చేశాను. ఇది లీవు కోసం. మిమ్మల్ని, అమ్మగారిని పిలవడానికి ఆదివారం మా అమ్మతో కలిసి ఇంటికే వస్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. సుజాత,
స్కూల్ అసిస్టెంట్ (సోషల్)

డ్యూటీ మార్పుకు నాకు సమ్మతమే.
రమణయ్య, స్కూల్ అసిస్టెంట్ (మ్యాథ్స్)