తట్టు టీకా రెండో డోసు సందేశం: ఆరోగ్య విశ్వాస నమూనాతో విశ్లేషణ

కర్నూలు జిల్లా పడమటి మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆటో మైకులోనూ, ఊరి వాట్సాప్ గ్రూపుల్లోనూ వినిపిస్తున్న సందేశం ఇది:

"తల్లిదండ్రులకు విజ్ఞప్తి! తట్టు ప్రాణాంతక వ్యాధి. మీ పిల్లల ప్రాణాలు మీ చేతుల్లోనే ఉన్నాయి. మీజిల్స్-రుబెల్లా టీకా నూటికి నూరు శాతం సురక్షితం. 16 నుంచి 24 నెలల పిల్లలందరికీ రెండో డోసు వేయించి బాధ్యత గల తల్లిదండ్రులుగా నిలవండి. మీ సమీప ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించండి."

ఇది ఎవరి కోసమో ముందు తేల్చుకోవాలి. మొదటి డోసు వేయించి, రెండోదానికి రాని తల్లిదండ్రులే ఇక్కడ లక్ష్యం. వీళ్లు టీకాకు వ్యతిరేకులు కారు. తొమ్మిది నెలలు నిండాక బిడ్డను ఎత్తుకుని వచ్చినవాళ్లే. టీకా వేయాల్సిన పిల్లల పేర్లతో ఏఎన్ఎం రాసుకునే డ్యూ లిస్టులో వీళ్ల పేర్ల పక్కన ఉండే కారణాలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి: మిర్చి కోతకు గుంటూరు వైపు వెళ్లారు, మొదటి సూదికి జ్వరం వచ్చింది, ఒకటి వేయించాం కదా, అత్త వద్దంది.

ఆరోగ్యానికి మేలు చేసే పనిని మనిషి ఎందుకు చేస్తాడో, ఎందుకు చేయడో వివరించేది ఆరోగ్య విశ్వాస నమూనా. ఇది 1950లలో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగంలో పుట్టింది. ఊరూరా బండి తిప్పి, ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదన్నది హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ బృందం వేసుకున్న ప్రశ్న. ఉచితంగా ఇస్తున్నా రాకపోవడమే మన సమస్య కూడా. నమూనా అడిగేవి ఆరు: నాకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, చేస్తే లాభమేంటి, చేయడానికి అడ్డేంటి, ఇప్పుడే కదిలించేది ఏది, నా వల్ల అవుతుందా. ఆరోదైన స్వసామర్థ్యాన్ని 1988లో చేర్చారు.

తీవ్రత. ఐదు వాక్యాల్లో రెండు దీనికే పోయాయి. తట్టు ప్రమాదకరమన్నది నిజమే: న్యుమోనియా, విరేచనాలు, మెదడువాపు, కంటి దెబ్బ. అయితే ఈ తల్లులకు అది కొత్త సంగతి కాదు. భయం ఇంకా పెంచితే పరిష్కారం చేతికందని మనిషి ఆ మాటనే పక్కన పెట్టేస్తాడు. పైగా ఒంటిమీద పొక్కులు వస్తే అమ్మవారు పోసిందని వేపాకు కట్టే ఇళ్లలో, ప్రాణాంతకం అనే మాట నమ్మకాన్ని నేరుగా ఢీకొడుతుంది. అక్కడ వాదనకు దిగకుండా "వేపాకు కట్టుకోండి, సూదీ వేయించండి" అంటే చాలు. రుబెల్లా సంగతి సందేశంలో పేరుకు మాత్రమే ఉంది. గర్భం తొలి నెలల్లో అది సోకితే పుట్టే బిడ్డకు చెవుడు, శుక్లాలు, గుండె లోపాలు రావచ్చని ఒక్క ముక్కా లేదు.

సోకే అవకాశం. పూర్తిగా ఖాళీ. ఈ శ్రోతలకు చెప్పాల్సిన అసలు మాట ఇదే. తొమ్మిది నెలలప్పుడు వేసిన డోసు వందలో సుమారు 85 మంది పిల్లలకు రక్షణ ఇస్తుంది. మిగతా 15 మందిలో కడుపులో ఉండగానే తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు టీకాను పనిచేయనివ్వకపోవడం వంటి కారణాలతో రక్షణ ఏర్పడదు. ఆ 15 మంది ఎవరో బయటికి కనిపించదు. "ఒకటి వేయించాం కదా" అనే నమ్మకాన్ని కదిలించగలిగేది ఈ లెక్కే. టీకా లేని పిల్లలున్న చోట ఒక తట్టు రోగి 12 నుంచి 18 మందికి అంటించగలడు. కూలీ గుడిసెల్లో పిల్లలంతా ఒకచోట పడుకునే కాలంలో ఆ సంఖ్యకు అర్థం ఉంది.

లాభం. "సురక్షితం" అనడం లాభం కాదు, అడ్డంకికి ఇచ్చిన జవాబు. రెండో డోసు ఏం చేస్తుందో ఎక్కడా లేదు.

అడ్డంకులు. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. 1984లో జాంజ్, బెకర్ చేసిన సమీక్షలో ప్రవర్తనను అన్నిటికన్నా గట్టిగా నిర్ణయించింది అడ్డంకులే. మన సందేశమేమో వాటిని నాలుగు పదాలతో దాటేసింది, అదీ తప్పుగా. "నూటికి నూరు శాతం సురక్షితం" అన్నాక బిడ్డకు జ్వరం వస్తే తల్లి మోసపోయాననుకుంటుంది. ఆ మాట పక్కింటికి చేరడానికి పూట పట్టదు.

జ్వరం విషయంలో ఇంకో చిక్కుంది. మీజిల్స్ టీకా వల్ల వచ్చే జ్వరం సాధారణంగా వారం దాటాక, 7 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది. రెండో డోసుకు అది తక్కువ. ఇది తెలిసిన కొందరు "రెండోదానికి జ్వరం ఉండదు" అని చెప్పేస్తుంటారు. కానీ 16-24 నెలలకు అదే రోజు తొడకు డీపీటీ బూస్టర్ కూడా వేస్తారు. ఆ రాత్రి జ్వరం, తొడ వాపు దానివల్ల. తల్లికి రెండు సూదుల మధ్య తేడా ఉండదు, జ్వరమే గుర్తుంటుంది. కాబట్టి ముందే చెప్పాలి: ఏ రోజు, ఎంతసేపు, ఏం చేయాలి.

రెండో అడ్డంకి కూలీ. పగటిపూట సెషన్ అంటే ఒక రోజు కూలీ పోయినట్టే. మూడోది మన వైపు నుంచే ఉంది: మీజిల్స్-రుబెల్లా, అంటే ఎంఆర్ టీకా ఒక్కో వయల్‌లో చాలా డోసులుంటాయి, పొడిలో ద్రావకం కలిపాక దాన్ని 4 గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. వృథా అవుతుందన్న భయంతో నలుగురు పిల్లలు పోగయ్యేదాకా తల్లిని కూర్చోబెట్టడం, లేదా తిప్పి పంపడం జరుగుతుంది. ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలన్నదే నియమం. సిబ్బంది అది పాటించకపోతే ఎంత మంచి సందేశం రాసినా వృథా.

కదిలించేవి. "సమీప ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించండి" అంటే ఎప్పుడు, ఎక్కడ? ఈ వాక్యం 2017 ఆగస్టు నాటి ఎంఆర్ ప్రచారం భాషను పోలి ఉంది. అప్పుడు 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు వాళ్లందరికీ వేశారు, చాలామందికి బడిలోనే. పిల్లవాడు బడికి రావడమే కదిలించే సంకేతం. ఇప్పుడు ఏడాదిన్నర బిడ్డకు బడి లేదు. రోజు, గంట, స్థలం, మనిషి, నాలుగూ ఉండాలి.

స్వసామర్థ్యం. వలస వెళ్లినా కార్డు చూపించి ఎక్కడైనా ఉచితంగా వేయించుకోవచ్చని, 24 నెలలు దాటినా ఐదేళ్లలోపు వేస్తారని చాలామందికి తెలియదు. ఆలస్యమైందని తిడతారేమోనన్న బెరుకు వేరే. "బాధ్యత గల తల్లిదండ్రులు" అన్న మాట ఆ బెరుకును పెంచుతుంది. తీసేయండి.

సవరించిన సందేశం (ఆటో మైకుకు):

"అమ్మా, బిడ్డకు తట్టు సూది ఒకటి వేయించారు, మంచిది. ఒక్క సూదితో వందలో 15 మంది పిల్లలకు రక్షణ రాదు. మన బిడ్డ అందులో ఉందో లేదో పైకి తెలియదు. రెండోది వేయిస్తే దాదాపు అందరికీ వస్తుంది. అదే రోజు తొడకు ఇంకో సూది ఉంటుంది, రాత్రికి జ్వరం రావచ్చు, రెండు రోజుల్లో తగ్గుతుంది. మందు ఎంత వేయాలో నర్సమ్మ చెబుతుంది. ఈ శనివారం సాయంత్రం 5 నుంచి 8 దాకా, రామాలయం పక్క అంగన్‌వాడీలో. సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. రెండేళ్లు దాటినా పర్వాలేదు, ఐదేళ్లలోపు అయితే తీసుకురండి. గుంటూరు పోయేవాళ్లు కార్డు మూటలో పెట్టుకోండి, అక్కడా ఉచితమే."

ఈ నమూనా చూపని సంగతి ఒకటుంది: నిర్ణయం తల్లి ఒక్కదానిది కాదు. వద్దన్న అత్తకు మైకు చాలదు. ఆశా కార్యకర్త ఆమె ఇంట్లో ఉన్న పూట వెళ్లి మాట్లాడాలి.

మైకు ఎక్కించే ముందు డ్యూ లిస్టులోని పది మంది తల్లులకు ఒక్కసారి వినిపించి మూడు అడగండి: ఏ రోజు, ఎక్కడ? జ్వరం వస్తే ఏం చేస్తారు? వలసలో ఉంటే ఎలా? "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. ముగ్గురికి మించి ఒకే ప్రశ్న దగ్గర తడబడితే ఆ వాక్యాన్ని తిరగరాయాలి. సెషన్ అయ్యాక రాని ఇళ్లకు వెళ్లినప్పుడు "ఎందుకు రాలేదు" బదులు "ఏం అడ్డొచ్చింది" అని అడిగి, కారణాన్ని డ్యూ లిస్టులో తల్లి మాటల్లోనే రాయండి. వచ్చే నెల సందేశంలో ఏ అడ్డంకికి చోటివ్వాలో అక్కడే దొరుకుతుంది.