ఏడు చేపల కథ: స్టోరీబోర్డు మొదలుపెట్టే ముందు

అందరికీ,

నిన్నటి మాటల తర్వాత కథలో ఏది ఉంచుతున్నామో, ఏది తీసేస్తున్నామో రాసి పెడుతున్నాను. బొమ్మలు మొదలయ్యాక మార్పులంటే చాలా పని వృథా అవుతుంది. అయిదు నిమిషాల సినిమా, సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలిచినా 3600 బొమ్మలు.

ముందు రాజు. మొదటి వాక్యంలో వచ్చి మళ్ళీ కనబడడు. తీసేద్దాం. కొడుకులు ఏడుగురూ ఉంటారు, ఒకే ఫైబర్ బోటు మీద. వేటకెళ్ళి చేపలు తెచ్చారన్న మాట జాలరిపేటలో రాజు లేకుండానే చక్కగా నిలబడుతుంది. వాళ్ళ ముఖాలు చూపించొద్దు. ఒడ్డుకి ఎదురుగా ఎండ, నల్లటి ఆకారాలు, ఒకే నడకని కాస్త ముందువెనకలుగా వాడదాం. చేపలు మాత్రం నెత్తళ్ళు కాకూడదు. వాటిని ఇసుకలో గుట్టలుగా ఆరబోస్తారు, ఏడు లెక్కకి ఆనవు. చీల్చి ఉప్పు పట్టించిన వంజరాలు గీయండి.

ఇప్పుడు గడ్డిమేటు. దాని బదులు బీచ్ రోడ్డు అపార్టుమెంటు నీడ పెడదామని మీలో ఇద్దరు గట్టిగా అన్నారు. చూడటానికి బావుంటుంది, నేటి విశాఖ కూడా కనబడుతుంది. కానీ తర్వాతి ప్రశ్న అడిగి చూడండి. ‘ఎందుకు అడ్డొచ్చావు?’ అంటే ‘ఆవు మెయ్యలేదు’ అనే జవాబు రావాలి. అపార్టుమెంటుని ఏ ఆవూ మెయ్యదు. అక్కడితో గొలుసు తెగిపోతుంది. గడ్డిమేటు ఉంటుంది. మన ఊరిని భీమిలి వైపు జరుపుదాం. అక్కడ పొలమూ సముద్రమూ పక్కపక్కనే ఉన్నాయంటే నమ్ముతారు.

నీడ గురించి ఒక మాట. మనకి పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. ఒడ్డుకి పైన ఉన్న గడ్డిమేటు నీడ ఇసుక మీదకి పడాలంటే మధ్యాహ్నం దాటాలి. కాబట్టి సినిమా మూడింటికి మొదలై పొద్దుగూకేలోపు అయిపోతుంది. ప్రతి ప్రశ్నకీ నీడ ఇంకొంచెం సాగాలి. రంగులు చూసేవాళ్ళు దీన్నే ఆధారం చేసుకోండి.

అవ్వ చేతిలో ఫోన్ పెట్టొద్దు. ఫోన్ చూస్తూ బువ్వ పెట్టలేదంటే తప్పు అవ్వది అయిపోతుంది, కథ అక్కడే ఆగిపోతుంది. ఈ కథలో ఎవరిదీ తప్పు కాదు. ప్రతివాళ్ళూ వెనకున్న ఇంకొకరిని చూపిస్తారు. పాలేరు ఆకలితో ఉన్నాడు కాబట్టి ఆవుని మేపలేదు. నాకు ఈ కథ మీద ఉన్న ప్రేమంతా ఆ ఆకలి దగ్గరే ఉంది. అతన్ని బద్ధకస్తుడిలా ఆడించకండి. కూర్చున్న తీరులోనే ఖాళీ కడుపు కనబడాలి.

అడిగేది ఎవరన్నది కథ చెప్పదు. తెరమీద గొంతు ఒక్కటే ఉంటే చాలదు. చేపలు తిరగేసే పని అమ్మ అప్పజెప్పిన ఎనిమిదేళ్ళ పిల్లని పెడదాం. పిల్లకి పేరు అక్కర్లేదు.

చెప్పేటప్పుడు ప్రశ్న తిరిగి తిరిగి రావడమే ఆనందం, వినే పిల్లలు గొంతు కలుపుతారు. తెరమీద అదే నాలుగోసారికి నీరసపడుతుంది. మొదటి రెండు ప్రశ్నలూ తీరిగ్గా, నడకతో సహా. ఆ తర్వాత నడక తగ్గిస్తూ పోదాం. అవ్వ దగ్గరికొచ్చేసరికి పిల్ల పరుగెత్తుతుండాలి. ‘చేపా చేపా ఎందుకెండలేదు’ అనే పల్లవిలో అక్షరం మార్చను. మిగతా మాటలు మన యాసలోనే. ‘పిల్లడు ఏడుస్తన్నాడు, బువ్వ ఎలాగెట్టమంటావే?’ అని అవ్వ అంటుంది. ఈ గొంతు డబ్బింగ్ కళాకారిణిది కాక జాలరిపేటలో చేపలమ్మే ఒక పెద్దావిడది కావాలని నా కోరిక. గొంతులు ముందు రికార్డు చేసి, వాటికి బొమ్మలు గీద్దాం.

చీమ దగ్గర మాత్రం అన్నీ ఆగాలి. ఇంతమందిలో ఇంకొకరిని చూపించకుండా తన మాట తను చెప్పేది అదొక్కటే. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ ఈ వాక్యం ఉన్నదున్నట్టు ఉంటుంది. అప్పటిదాకా పిల్ల కంటి ఎత్తులో ఉన్న దృశ్యం నేలకి దిగాలి. పుట్ట ఎర్రమట్టి దిబ్బల రంగు. పడమటి ఎండ తగిలి బంగారంలా కనబడితే చాలు, మెరుపులూ నగలూ వద్దు. సంగీతం కూడా వద్దు, అలల చప్పుడు దూరంగా. చీమ గొంతుని చిన్నది చేసి నవ్వించకండి, ఇంటి మీదకి ఎవరో వస్తే మాట్లాడే మనిషి గొంతు అది.

ఆ తర్వాత చేప ఎండిందా లేదా చూపించం. నీతి చెప్పే గొంతూ, ముగింపు పాటా తీసేశాను. చీమ మాట, పిల్ల ముఖం రెండు సెకన్లు, పేర్లు.

శనివారానికి చిత్తు బొమ్మలతో, మన గొంతులతోనే ఒక యానిమాటిక్ కావాలి. ముందు గడ్డిమేటు, చీమ సన్నివేశాలు గీయండి. ఆ రెండూ కుదిరాక మిగతా నిడివి లెక్క వేసుకుందాం.