ఆరో వారం జర్మన్ స్పీకింగ్ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి మేడమ్

విజయవాడ,
ఆదివారం రాత్రి

సునీత మేడమ్‌కి నమస్తే,

శుక్రవారం వాట్సాప్‌లో పెట్టిన రెండు ఆడియోలు వినేముందు ఇది ఒకసారి చదవండి. ఇదే సంగతి క్లాసులో అడిగితే మీరు "బానే ఉందిలే రమ్యా, కంగారు పడకు" అంటారు. నేను "సరే మేడమ్" అంటాను. అక్కడితో అయిపోతుంది. అందుకే రాసి పంపుతున్నాను.

రెండు ఆడియోల్లోనూ టాపిక్ ఒకటే, పిల్లలకి మొబైల్ అవసరమా అని. సోమవారం నాడు, జర్మన్ B1 పరీక్షలో లాగే 15 నిమిషాలు ప్రిపేరై, చేతిలో అయిదారు ముక్కలు రాసుకున్న చీటీ మాత్రం పెట్టుకుని మాట్లాడాను. 2 నిమిషాల 5 సెకన్లకే సరుకు అయిపోయింది. మూడు సెకన్లు దాటి ఆగిపోయినవి 14 చోట్ల. బుధవారం ఆ ఆడియోని మాట మాటా కాగితం మీద దించి, తప్పుల కింద ఎర్ర గీతలు పెట్టుకున్నాను (రెండు నిమిషాల మాటకి ముప్పావు గంట పట్టింది). శుక్రవారం మళ్ళీ రికార్డు చేస్తే 3 నిమిషాల 10 సెకన్లు వచ్చింది, ఆగినవి 6 చోట్ల.

చూడటానికి లెక్క బాగుంది. కానీ శనివారం మీరు ముందు చెప్పకుండా ప్లాస్టిక్ సంచుల టాపిక్ ఇచ్చారు కదా, అక్కడ మళ్ళీ 2 నిమిషాలకే ఆగాను, మధ్యలో ఆగినవి 13. అంటే శుక్రవారం ఆడియోలో ఉన్నది చాలావరకు కంఠస్థం. అదే టాపిక్ నాలుగుసార్లు చెబితే ఎవరికైనా వస్తుంది. అందుకని ఈ వారం నన్ను అంచనా వేసేటప్పుడు శుక్రవారం ఆడియోని పక్కన పెట్టండి. సోమవారానిదీ శనివారానిదీ పక్కపక్కన పెట్టి చూడండి. శనివారం రికార్డింగ్ మీ దగ్గర ఉంది.

ఇక తప్పులు. నాకు కనబడినవి రాస్తున్నాను. నాకు కనబడనివి ఏమిటో చెప్పడమే మీ నుంచి కావాల్సింది.

అన్నిటికన్నా ఎక్కువ 'వైల్', అంటే 'ఎందుకంటే', వాక్యాలు దెబ్బతీస్తున్నాయి. క్రియని చివరికి నెట్టే వైల్, దస్, వెన్ కలిపి సోమవారం 7 వాక్యాలు వాడితే 4 తప్పు. శుక్రవారం 9కి 2. శనివారం 6కి మళ్ళీ 4. ఒకటి చూడండి. నేను అన్నది: "వైల్ దీ కిండర్ క్యొన్నెన్ మిట్ డేన్ ఎల్టర్న్ టెలెఫొనీరెన్." అనాల్సింది: "వైల్ దీ కిండర్ మిట్ డేన్ ఎల్టర్న్ టెలెఫొనీరెన్ క్యొన్నెన్." ఈ రెండోదాన్ని తెలుగు పక్కన పెడితే పిల్లలు, అమ్మానాన్నలతో, ఫోన్లో మాట్లాడ, గలరు. ముక్కకి ముక్క అదే వరస! మన భాషలో క్రియ ఎప్పుడూ చివరే కాబట్టి ఇది మనకి పుట్టుకతో రావాలి. రాకపోవడానికి కారణం నా అనుమానం ఏమిటంటే, నర్సింగ్ అంతా ఇంగ్లీషులో చదివాను కాబట్టి 'వైల్' అనగానే బుర్రలో 'బికాజ్' మోగుతోంది, ఆ వెనకే ఇంగ్లీషు వరస వచ్చేస్తోంది. 'కాబట్టి' అనుకుని మొదలుపెట్టిన వాక్యాలు ఎక్కువ సరిగ్గా వస్తున్నాయి. ఈ దారి పట్టుకోవచ్చా? లేక మామూలు వాక్యాల్లో క్రియ రెండో స్థానంలో ఉండాల్సిన చోట కూడా చివరికి పోయే ప్రమాదం ఉందా? శనివారం ఒకసారి అలాగే అయిందని నా అనుమానం, ఆ చోట ఆడియో సరిగ్గా వినబడలేదు.

రెండోది ఉచ్చారణ. ఇందులో తప్పు నా నోట్‌బుక్‌దే. మొదటి రెండు వారాలు ప్రతి మాటా పక్కన తెలుగులో రాసుకున్నాను. అందమైన అనే మాటని 'షేన్' అని, చర్చిని 'కిర్షె' అని. తెలుగులో ఆ శబ్దాలకి అక్షరాలు లేవు, రాసింది రాసినట్టు నోరు నేర్చేసుకుంది. ఇప్పుడు నేను చర్చికి వెళ్ళానంటే చెర్రీ పండుకి వెళ్ళానని వినబడుతోంది. క్యొన్నెన్ కాస్తా 'కెన్నెన్' అయి, గలను అనాల్సిన చోట ఎరుగుదును అని వస్తోంది. (ఈ ఉత్తరంలో కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను, ఈ ఒక్కసారికి ఊరుకోండి. నోట్‌బుక్‌లో మాత్రం కొట్టేశాను.) మీరు చెప్పినట్టు 'ఏ' అంటూ పెదవుల్ని 'ఓ'కి చుట్టడం, 'ఈ' అంటూ 'ఊ'కి చుట్టడం అద్దం ముందు రోజుకి అయిదు నిమిషాలు చేస్తున్నాను. ఒక్కో మాటగా వస్తోంది, వాక్యంలో పడగానే పెదవులు పాత చోటికి పోతున్నాయి. మాట చివర మన అలవాటు కొద్దీ 'ఉ' చేర్చడం, గూట్‌ని 'గూటు' అనడం, తగ్గిందనుకుంటున్నాను. నిజంగా తగ్గిందా, లేక నా చెవి అలవాటుపడిందా? ఇది నా చెవి తేల్చే పని కాదు.

అంకెలు: మీరు చదివిన 20 అంకెల్లో 6 తిరగేశాను, 54ని 45 అని. జర్మన్లు నాలుగూ-యాభై అని వెనకనుంచి చెబుతారు, నాకేమో ఇరవై ఒకటి లాగే ముందునుంచి వస్తుంది. పరీక్షలో దీనికి పెద్దగా మార్కులు పోకపోవచ్చు. వార్డులో పల్సు 54ని 45 అని చెబితే మాత్రం పోయేది మార్కులు కాదు. ఇక్కడ మాత్రం తప్పు పడగానే ఆపేయండి, వాక్యం పూర్తయ్యేదాకా ఆగొద్దు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. నామవాచకం ముందు డేర్, దీ, దస్‌లలో ఏది రావాలో తెలియనప్పుడు 'డ' అని మింగేస్తున్నాను. సోమవారం ఆడియోలో కనీసం పది చోట్ల ఉంది. మీరు ఒక్కసారీ పట్టుకోలేదు. పట్టుకుని ఊరుకున్నారా, నిజంగా వినబడలేదా? వినబడకపోతే పరీక్షలోనూ గడిచిపోతుందేమోనని ఆశ. వినబడితే ఇప్పుడే మానిపించండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఫిర్యాదు అనుకోవద్దు. నేను తడబడగానే మీరు తెలుగులో మాట అందిస్తారు. శనివారం "మీ స్కూల్లో ప్లాస్టిక్ సంచుల నిషేధం ఉండేదా?" అని జర్మన్‌లో అడిగారు. నాకు ప్రశ్న సగమే అర్థమైంది. నాలుగో సెకనుకి మీరే తెలుగులో మళ్ళీ చెప్పారు, నేను జవాబు చెప్పాను, మీరు "జేర్ గూట్" అన్నారు. అక్కడ నేను చేయాల్సిన పని వేరు: "వీ బిటె? క్యొన్నెన్ జీ దస్ బిటె వీడర్‌హోలెన్?" అని అడిగి మళ్ళీ చెప్పించుకోవడం. లేదా "దస్ ఇస్ట్ ఐనె గూటె ఫ్రాగె, దా ముస్ ఇష్ కుర్జ్ ఊబర్‌లేగెన్" అని కాస్త టైమ్ కొనుక్కోవడం. ఈ రెండు వాక్యాలూ నాకు వచ్చు. అవసరం పడనివ్వలేదు కాబట్టి ఇంతవరకు ఒక్కసారీ నోట్లోంచి రాలేదు.

ఇద్దరం కలిసి ప్లాన్ చేసే మొదటి పార్ట్‌లోనూ అంతే. పరీక్షలో నా ఎదురుగా కూర్చునేది నాలాంటి ఇంకో కాండిడేట్. తను నా వాక్యం పూర్తి చేయదు, ఏ రోజు, ఏ టైమ్, ఎవరెవరు ఏం తేవాలి అన్నది ముందుకు తోయదు, నాకంటే తనకే ఎక్కువ భయంగా ఉండొచ్చు. మీతో చేసినప్పుడు ప్రపోజల్స్ అన్నీ మీవే, నేను "యా, గూటె ఇడే" అనడమే. ఈ వారం లెక్కపెట్టాను: మూడు నిమిషాల్లో నేను సొంతంగా ప్రపోజ్ చేసినవి రెండు, కాదని కారణం చెప్పినవి సున్నా. అందుకే నా స్పీకింగ్ ఎంతవరకు నాది, ఎంతవరకు మీది అన్నది నాకు తెలియడం లేదు.

వచ్చే శనివారం నుంచి ఒక పది నిమిషాలు తెలుగు పూర్తిగా బంద్ చేద్దామా? నేను పదిహేను సెకన్లు బిక్కమొహం వేసుక్కూర్చున్నా అందించవద్దు. మొదటి పార్ట్‌లో మీరు కొంచెం మొండి పార్ట్‌నర్‌గా ఉండండి. నేను చెప్పినదానికి "శనివారం నాకు కుదరదు" అనండి, లేకపోతే ఊరికే నన్ను చూస్తూ కూర్చోండి. మీ బ్యాచ్‌లో B1 రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే నెలకి రెండుసార్లు వాళ్ళతో జత కలిపినా మంచిదే. టైమ్ నేను సర్దుకుంటాను.

ఈ వారం ఫీడ్‌బ్యాక్‌లో నాకు కావాల్సినవి ఇవి:

శనివారం మాట్లాడినదానికి అసలు పరీక్షలో వేసినట్టే మార్కులు వేయండి. ప్లానింగ్‌కి 28, ప్రెజెంటేషన్‌కి 40, ప్రశ్నలూ జవాబులకి 16, ఉచ్చారణకి 16. పాస్‌కి 60 కదా, 48 వస్తే 48 అనే రాయండి. మొహమాటానికి 58 వేయొద్దు.

తప్పులన్నీ చెప్పక్కర్లేదు. ఎక్కువ మార్కులు పోగొడుతున్న రెండు చెబితే చాలు, ఆ వారమంతా వాటిమీదే కూర్చుంటాను. పోయిన వారం 11 చెప్పారు, అన్నీ కాగితం మీదే ఉండిపోయాయి.

అయిదో వారానికీ ఆరో వారానికీ తేడా ఏదైనా కనబడితే ఒక్క వాక్యంలో, మీరు విన్న మాటతో సహా చెప్పండి. కనబడకపోతే లేదనే చెప్పండి.

ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. ఈ నెల 20లోపు పరీక్షకి రిజిస్ట్రేషన్ చేసుకోవాలో వద్దో తేల్చుకోవాలి. B1లో నాలుగు మాడ్యూల్స్ విడివిడిగా రాయొచ్చు కాబట్టి చదవడం, వినడం, రాయడం ఈసారి కానిచ్చేసి, స్పీకింగ్ ఒక్కటి ఇంకో రెండు నెలలు వెనక్కి నెట్టొచ్చు. లేదా నాలుగూ ఒకేసారి. మీరు వేసే నంబర్‌ని బట్టే అది నిర్ణయిస్తాను. ఒక్క శనివారంతో చెప్పలేమంటే ఇంకో కొత్త టాపిక్ ఇవ్వండి, బుధవారం లైవ్‌లో మాట్లాడతాను.

మంగళవారం నుంచి నాకు నైట్ డ్యూటీ. క్లాస్ 7:30కే ఉంచండి, 9కి వార్డులో ఉంటే చాలు. వాయిస్ మెసేజ్ అయితే మంగళవారం సాయంత్రం లోపు పెట్టండి, బస్సులో వింటాను. జర్మన్‌లోనే చెప్పండి, అర్థం కానివి రాసుకుని క్లాసులో అడుగుతాను, జర్మన్‌లోనే.

ఇట్లు,
మీ స్టూడెంట్
రమ్య

తా.క.: శుక్రవారం ఆడియోలో 1 నిమిషం 40 సెకన్ల దగ్గర వచ్చేది కుక్కర్ విజిల్. దాన్ని ఆగిపోవడంలో కలపకండి.