సెలవు చీటీ: మేడమ్ రాసింది, తెలుగు సారు దిద్దింది

మేడమ్ రాసింది

గౌరవనియులైన ప్రదానోపాధ్యాయుడికి నమస్కరించి వ్రాయునది ఏమనగా మా అత్తగారికి గుండె పరీక్షలు వేలూరు సీఎంసీలో ఉంది కావున నేను 20 21 తేదిలలో స్కూలుకి రాను, అత్తగారు ఒంటరిగా వెళ్ళలేదు వయసు 68, పదో తరగతి క్లాసులు ఎవరో ఒకరు చూసుకుంటారు తమరు తప్పక సెలవు మంజురు చేయవలెను!!

ఇట్లు మీ విదేయురాలు
సుజాత

దిద్దిన తర్వాత

పూతలపట్టు,
18-11-2025.

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
పూతలపట్టు, చిత్తూరు జిల్లా.

విషయం: రెండు రోజుల క్యాజువల్ లీవ్, హెడ్‌క్వార్టర్ విడిచి వెళ్ళడానికి అనుమతి కోరుతూ.

అయ్యా,

నమస్కారాలు. మా అత్తగారికి ఈ నెల 20, 21 తేదీలలో వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో గుండె పరీక్షలు ఉన్నాయి. ఆమె వయసు 68 ఏళ్ళు. ఒంటరిగా వెళ్ళలేరు కాబట్టి నేను తోడుగా వెళ్ళవలసి ఉంది.

ఆ రెండు రోజులు పదో తరగతి గణితం పీరియడ్లు తీసుకోవడానికి ఫిజికల్ సైన్స్ సారు ఒప్పుకున్నారు. 22వ తేదీ ఉదయం విధులకు హాజరవుతాను.

దయతో 20-11-2025, 21-11-2025 తేదీలకు క్యాజువల్ లీవ్ మంజూరు చేసి, వేలూరు వెళ్ళడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సుజాత,
స్కూల్ అసిస్టెంట్ (గణితం).

కింద సారు రాసిన నాలుగు ముక్కలు

సుజాతమ్మా, అక్షర దోషాలు దిద్దేశాను. గౌరవనీయులు, ప్రధానోపాధ్యాయులు, తేదీ, మంజూరు, విధేయురాలు: ఇవి పిల్లల నోటుపుస్తకాల్లోనూ రోజూ కనిపించేవే. పరీక్షలు 'ఉంది' కాదు, 'ఉన్నాయి'.

అసలు చిక్కు 'వెళ్ళలేదు' దగ్గర. అత్తగారు వెళ్ళనే లేదని చదువుకుంటారు హెచ్ఎం గారు. 'వెళ్ళలేరు' అంటే వెళ్ళే శక్తి లేదని తెలుస్తుంది, పెద్దావిడకు మర్యాదా దక్కుతుంది. 'ప్రధానోపాధ్యాయుడికి' కూడా అంతే, ఎదుటివారిని ఏకవచనంలో పిలిచినట్టు ఉంది.

'స్కూలుకి రాను', 'తప్పక చేయవలెను', పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు! సెలవు అడుగుతున్నావా, నోటీసు ఇస్తున్నావా? నీ మనసులో అది లేదని నాకు తెలుసు, కాగితానికి తెలియదు కదమ్మా. అలాగని మరీ వంగి వంగి రాయనక్కర్లేదు. 'కోరుతున్నాను' చాలు.

'ఎవరో ఒకరు' అంటే హెచ్ఎం గారికి టెన్షన్. అందుకే సైన్స్ సారుని అడిగి, ఆయన సరే అన్నాకే ఆ మాట రాశాను. వేలూరు తమిళనాడులో ఉంది కాబట్టి హెడ్‌క్వార్టర్ అనుమతి కూడా ఇందులోనే అడిగేశాను. మొత్తం ఒకే వాక్యంగా పోయింది నీది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ చుక్క పెట్టాను.

ఒక తెల్లకాగితం మీద సొంత దస్తూరితో తిరగరాసి, సంతకం చేసి, రేపు ప్రేయర్ కాకముందే ఇచ్చెయ్యి.