దీర్ఘం లేని బోర్డు

తప్పు ముమ్మాటికీ నాదే. రెండడుగుల అక్షరాలు, పసుపు మీద ఎరుపు, పక్కన నల్ల షేడు, అంతా ముచ్చటగా కుదిరాక చూస్తే "కాలం" అని ఉండాల్సిన చోట "కలం" అని ఉంది. చూస్తే అన్నాను గానీ నేను చూడనే లేదు, అదే అసలు బాధ.

ముందు సుద్దముక్కతో గీసుకుని, అక్షరాల ఒళ్ళు నింపుకుంటూ పోయి, తలకట్లూ దీర్ఘాలూ చివర్లో పెట్టడం నాకు మొదట్నుంచీ అలవాటు. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో రాయించేవాళ్ళే కరువయ్యారు, చాలా నెలలకి దొరికిన పెద్ద బోర్డు అది, అదీ అంత పేరున్న గడియారాల షాపుది. ఆ సంతోషంలో మనసంతా "ల" వంపు మీద పెట్టాను, ఈలోగా "క" మీద చెయ్యి దానంతటది తలకట్టు పెట్టేసింది.

కింద "వాచీలు బాగుచేయబడును" అని కూడా రాయనా అని ముందే అడిగాను. పెద్దాయన వద్దన్నారు. "మా నాన్న పెట్టిన షాపయ్యా ఇది. కాలం అంటే ఏంటో తెలియనివాళ్ళు ఎవరున్నారు? పేరొక్కటి చాలు."

ఆయన మాట నిజమే కాబట్టి తప్పు ఎవరికీ కనబడలేదు. తెలిసినవాళ్ళు బోర్డు చదవరు, అలా ఒక చూపు చూసి లోపలికెళ్ళిపోతారు. చదివింది తెలియనివాళ్ళే.

మొదట ఒక రిటైరైన గుమాస్తా వచ్చి ఇంకు పెన్ను బల్ల మీద పెట్టారట, రాయడం లేదని. పొరపాటున వచ్చాడేమో అనుకుని పెద్దాయన చూసి పంపించారు. మర్నాడు కాలేజీ కుర్రాడు, వాళ్ళ తాతగారి పెన్నుతో. ఆ సాయంత్రం ఇంకో ఇద్దరు. పెన్నులన్నీ తన దగ్గరికే ఎందుకొస్తున్నాయో ఆయనకి అంతు పట్టలేదు. నాలుగో రోజు రెండో క్లాసు పిల్ల ఒకత్తె, గోడ గడియారం బాగుచేయించడానికి అమ్మతో వచ్చి, గుమ్మంలో నిలబడి కూడబలుక్కుంటూ చదివింది. "క... లం... కలం." అమ్మ "కాలం అమ్మా" అంది. "మరి దీర్ఘం ఏదీ?"

అప్పుడు బయటికొచ్చి తల పైకెత్తారట ఆయన.

ఫోన్ రాగానే నిచ్చెన, ఎరుపు డబ్బా, టర్పెంటైన్ తీసుకుని పరిగెత్తాను. దారంతా టెన్షనే. నలభై ఏళ్ళుగా రాస్తున్నాను, ఒక్క ఒత్తు పోలేదు. తిడతారనుకుంటే ఆయన తలెత్తలేదు. కంటికి భూతద్దం, చేతిలో సన్న పట్టకారు, ఎదురుగా ఒక పాత నల్ల పెన్ను విప్పి ఉంది. నాలుకలో గడ్డకట్టిన ఇంకు నీళ్ళలో నానుతోంది. పాళీ చీలిక ఒక పక్కకి లేచిపోతే వెంట్రుక వాసి చొప్పున సరిచేస్తున్నారు. వాచీలో ముల్లుని సరిచేసే చెయ్యి కదా, దానికి ఇదేం కష్టం.

"నన్ను క్షమించండి. పది నిమిషాల్లో దిద్దేస్తాను" అన్నాను.

"దిద్దాల్సిందే. మా నాన్న పెట్టిన పేరు అది" అన్నారు. నిచ్చెన వేయబోతుంటే మళ్ళీ ఆయనే, "ఇవాళ వద్దు. ఈ పెన్ను ఒకావిడ ఇచ్చి వెళ్ళింది. వాళ్ళాయనదట, ఆయన పోయి ఏడాదైందట. ఊరికి కొత్త. ఆవిడకి ఈ షాపు గుర్తల్లా ఆ బోర్డే. మార్చేస్తే వెతుక్కుంటుంది."

సరేనని డబ్బా అక్కడే వదిలి వచ్చాను. రోజూ పొద్దున వెళ్ళి అడిగేవాణ్ణి, ఆవిడ వచ్చిందా అని. రాలేదు. వేరేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. అందరి చేతిలో ఫోన్లు వచ్చాక ఆ బల్ల మీద వాచీల కంటే ఖాళీయే ఎక్కువుండేది, నేను బోర్డు కొలతలు తీసుకున్న రోజున ఒక్కరూ రాలేదు కూడా. ఇప్పుడు మూతలు, పాళీలు, రబ్బరు గొట్టాలు వేర్వేరు గిన్నెల్లో.

తొమ్మిదో రోజు ఆవిడ వచ్చింది. పెద్దాయన ఇంకు నింపి, చీటీ ముక్క ఇచ్చి రాసి చూడమన్నారు. ఆవిడ కాసేపు పెన్ను అలాగే పట్టుకుంది. తర్వాత ఒక పేరు రాసింది, ఇంటిపేరుతో సహా, నిదానంగా. కింద సంతకంలా ఒక గీత కూడా గీసింది. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

నేను నిచ్చెన తెచ్చి గోడకి వేసి, కుంచె ముంచి రెండు మెట్లెక్కాను. తలకట్టు చెరిపేసి దీర్ఘం తీయడానికి ఎంతసేపు.

"ఆర్టిస్టు గారూ" అని లోపల్నుంచి పిలుపు. "రేపు ఇద్దరు వస్తామన్నారు. పెన్నులు ఇక్కడే ఉన్నాయి."

కుంచె కడిగేసుకున్నాను.