కడప కార్యాలయ భవనం: లిఫ్టుల సాంకేతిక స్పెసిఫికేషన్

1. పని పరిధి

కడపలో కడుతున్న ఈ కార్యాలయ భవనానికి కింది అంతస్తు, దానిపైన 7 అంతస్తులు ఉంటాయి. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు, లిఫ్టు మొత్తం ప్రయాణం 25.2 మీటర్లు, ఆగే చోట్లు 8. ఒకే చోట పక్కపక్కన నడిచే మూడు లిఫ్టుల సరఫరా, బిగింపు, పరీక్షలు, అప్పగింత గుత్తేదారు బాధ్యత. షాఫ్టు గోడలు, పిట్‌లోకి నీరు రాకుండా చేసే పని, మెషీన్ రూము నిర్మాణం సివిల్ గుత్తేదారువి. పని ఐఎస్ 17900కు, జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016కు లోబడి ఉండాలి.

2. సామర్థ్యం, వేగం

లిఫ్టు 1, 2: ఒక్కొక్కటి 8 మందికి, 544 కిలోలు.
లిఫ్టు 3: 13 మందికి, 884 కిలోలు. కేబిన్ లోపల వెడల్పు 2000, లోతు 1100 మిల్లీమీటర్లు. తలుపు 900 మిల్లీమీటర్లు. చక్రాల కుర్చీకి, అగ్నిమాపక సిబ్బందికి ఇదే లిఫ్టు.

మనిషి బరువు 68 కిలోలుగా లెక్క కట్టాం. మూడింటి వేగం సెకనుకు 1.5 మీటర్లు, మోటారుకు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. ఇంత ఎత్తుకు 1.75 అడిగినా కలిసివచ్చేది తక్కువ. సమయం ఎక్కువగా తినేది తలుపులూ ఆగడాలే.

3. రద్దీ లెక్క

పై అంతస్తుల్లో అంతస్తుకు 50 మంది చొప్పున 350 మంది. ఉదయం అందరూ కింది నుంచి పైకి వెళ్లే సమయానికి, కేబిన్ 80 శాతం నిండుతుందని లెక్క. తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, వేగం అందుకోవడం, తగ్గడం కలిపి ఒక్కో ఆగడానికి అదనంగా 7.1 సెకన్లు, ఒక మనిషి ఎక్కడానికి 1.2, దిగడానికి 1.2 సెకన్లు.

```
H = (300 × Q × 100) / (T × P)
```

ఇందులో H అంటే 5 నిమిషాల్లో చేరవేసే జనం శాతం, Q కేబిన్‌లో సగటు జనం, T సగటు నిరీక్షణ విరామం (సెకన్లలో), P మొత్తం జనం.

యజమాని మొదట కోరింది 13 మంది లిఫ్టులు రెండు. ఒక చుట్టుకు 104 సెకన్లు, విరామం 52 సెకన్లు, H 17 శాతం. జనాన్ని మోసే శక్తికి లోటు లేదు. కానీ 45 సెకన్లు దాటిన విరామం నియమావళి ప్రకారం సంతృప్తికరం కాదు. పెద్ద కేబిన్ నిండేదాకా ఆగుతుంది, ఎక్కువ అంతస్తుల్లో ఆగుతుంది. కింద నిలబడ్డవాడికి అదే చిరాకు. పైగా ఒకటి మరమ్మతుకు ఆగితే మిగిలేది ఒక్కటే.

ఇప్పుడు నిర్ణయించిన ఏర్పాటులో చిన్న లిఫ్టు చుట్టుకు 85 సెకన్లు, పెద్దదానికి 104. మూడూ కలిసి నడిస్తే విరామం దాదాపు 30 సెకన్లు, H 21 శాతానికి పైనే. బిడ్డరు తన తలుపుల సమయాలతో ఈ లెక్కను మళ్లీ కట్టి ఇవ్వాలి. విరామం 35 సెకన్లు దాటే బిడ్‌ను పరిశీలించం.

4. స్థానిక పరిస్థితులు

మేలో కడప ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మిద్దె మీది మెషీన్ రూములో అంతకన్నా ఎక్కువే. కంట్రోలర్ దగ్గర ఎప్పుడూ 40 డిగ్రీలు మించకుండా ఎయిర్ కండిషనర్ పెట్టాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే చాలదు. కరెంటు పోతే కేబిన్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ పరికరం ప్రతి లిఫ్టుకూ తప్పనిసరి.

లాబీల్లో పరిచేది కడప రాయి. రాయి మందం, కింది సిమెంటు పొర కలిసి ఎంత వస్తుందో ముందే తేల్చకుండా గడప బిగిస్తే, రాయి పరిచాక గడప పల్లంలో పడుతుంది. ఆ పల్లంలోకి కడుగునీళ్లు జారి షాఫ్టులో దిగుతాయి. అందుకే ప్రతి అంతస్తులో పూర్తయిన నేల మట్టాన్ని గోడపై గీసి, ఇద్దరు గుత్తేదారులూ సంతకం చేశాకే గడపలు బిగించాలి.

5. స్వీకరణ పరీక్షలు

తూకం వేసి ముద్ర వేసిన ఇనుప దిమ్మలతోనే పరీక్ష. ఇసుక బస్తాలు ఒప్పుకోం. తడి ఇసుక తూకం నమ్మలేం.

బ్రేకు, సేఫ్టీ గేర్: 125 శాతం బరువుతో, అంటే చిన్న లిఫ్టులో 680 కిలోలతో, పెద్దదానిలో 1105 కిలోలతో, పూర్తి వేగంతో కిందికి వస్తుండగా ఆపి చూడాలి. సేఫ్టీ గేర్ పట్టాక కేబిన్ నేల వంగిందేమో మట్టపుకొయ్యతో, పట్టాల మీద గాట్లు కంటితో చూసి నమోదు చేయాలి.

గవర్నర్: నిర్ణీత వేగానికి 115 శాతం, అంటే సెకనుకు 1.73 మీటర్లు దాటాకే పట్టాలి, 2.04 మించకూడదు.

కౌంటర్‌వెయిట్: తూకం కేబిన్ బరువుకు, నిర్ణీత బరువులో 40 నుంచి 50 శాతం కలిపినంత ఉండాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మోటారు కరెంటు కొలిచి తేల్చాలి.

ఆగే మట్టం: ఖాళీగానూ నిండుగానూ ప్రతి అంతస్తులో తేడా 10 మిల్లీమీటర్ల లోపే. తలుపు మూసే బలం 150 న్యూటన్లు మించకూడదు. అధిక బరువు హెచ్చరిక, అత్యవసర ఫోను, ఫైర్‌మన్ స్విచ్చు పనిచేయాలి. లిఫ్టు 3 కింది నుంచి పై అంతస్తుకు 60 సెకన్లలోపు చేరాలి.

ఒక్క పరీక్ష విఫలమైనా, సరిచేసిన తర్వాత ఆ లిఫ్టుకు పరీక్షలన్నీ మొదటి నుంచి గుత్తేదారు ఖర్చుతో మళ్లీ జరగాలి.