వాడకంలో లేని ఫైబర్ కనెక్షన్ మూసివేత, బకాయి లేదన్న ధ్రువపత్రం కోసం లేఖ

హైదరాబాద్,
16 జూన్ 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజరు గారికి,
ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ విభాగం,
తెనాలి కార్యాలయం, గుంటూరు జిల్లా.

విషయం: ఖాతా నంబరు 7040218836, తెనాలి మారీసుపేట చిరునామాలోని బ్రాడ్‌బ్యాండ్, ల్యాండ్‌లైన్ కనెక్షన్‌ను 29 మార్చి 2025 నుంచి వర్తించేలా మూసివేసి, బకాయి ఏమీ లేదని లిఖితపూర్వకంగా ధ్రువీకరించవలసిందిగా వినతి.

అయ్యా,

పైన చెప్పిన కనెక్షన్ 2021 ఆగస్టు నుంచి నా పేరు మీద ఉంది. నెలకు 699 రూపాయల ప్లాను, పన్నుతో 824 రూపాయల 82 పైసలు. తెనాలిలో ఉన్నంతకాలం బిల్లు ఏనాడూ గడువు దాటనివ్వలేదు. ఉద్యోగం హైదరాబాద్‌కు మారడంతో మార్చి నెలాఖరుకు ఆ అద్దె ఇల్లు ఖాళీ చేశాను. ఇక్కడ మీ సంస్థ లైను లేని వీధిలో ఉంటున్నాను కాబట్టి కనెక్షన్‌ను ఈ చిరునామాకు మార్చుకునే వీలు కూడా లేదు.

ఉగాది ముందురోజు, మార్చి 29 శనివారం నాడు, రౌటరును నేనే తీసుకెళ్లి మీ తెనాలి కౌంటరులో అప్పగించాను. అక్కడి ఉద్యోగి దాన్ని తిరగేసి, వెనక స్టిక్కరు మీదున్న సీరియల్ నంబరు చూసి రసీదులో రాశారు. అడాప్టరు, కేబులు కూడా అందినట్టు టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేసి ఇచ్చారు. కనెక్షన్ తీసేయమని విడిగా ఫారం ఏమైనా నింపాలా అని అడిగాను. "అక్కర్లేదండీ, పెట్టె వెనక్కి వచ్చిందంటే లైను ఆగిపోయినట్టే" అన్నారు. రసీదులో "కారణం" అన్న గడిలో "ఇల్లు ఖాళీ, కనెక్షన్ రద్దు" అని ఆయన చేతిరాతే ఉంది. మార్చి బిల్లు ఏప్రిల్ 9న కట్టేశాను. ఆ రోజుకు ఖాతాలో నేను ఇవ్వాల్సింది ఒక్క రూపాయి కూడా లేదు.

అయినా ఏప్రిల్ నెలకు ఒక బిల్లు, మే నెలకు మరో బిల్లు వచ్చాయి. రెండూ కలిపి 1,649 రూపాయల 64 పైసలు. దాని మీద పన్నుతో కలిపి 118 రూపాయల ఆలస్య రుసుము వేసి, మొత్తం 1,767 రూపాయల 64 పైసలు బాకీ ఉన్నట్టు చూపిస్తున్నారు. రౌటరు మీ దగ్గరే ఉంది. ఇల్లు నేను మార్చిలోనే ఖాళీ చేశాను. మీ యాప్‌లోని వాడకం పట్టికలో ఏప్రిల్, మే నెలల ఎదురుగా సున్నా అనే ఉంది. ఇవ్వని సేవకు వేసిన బిల్లులు ఇవి. వీటిని పూర్తిగా రద్దు చేయమని కోరుతున్నాను.

కాల్ సెంటరుకు ఫోను చేసి చెప్పాను. ప్రతిసారీ మర్యాదగానే మాట్లాడారు, "నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నారు. కానీ ఆ తర్వాత మే బిల్లు వచ్చింది, ఇప్పుడు వసూళ్ల ఏజెన్సీ నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందుకే నోటిమాట మీద ఆగకుండా రాతపూర్వకంగా అడుగుతున్నాను.

ఇది నా ఒక్కదానితో పోయేది కాదు. మా పాత ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్లు మీ దగ్గరే కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, ఆ చిరునామా మీద బాకీ ఉందని ఆపేశారట. ఇంటి ఓనరు గారు నాకు ఫోను చేసి, "అమ్మా, నీ పేరు మీద ఏదో ఉందంటున్నారు, కాస్త తేల్చు" అన్నారు. నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉండి ఏ నెలా అద్దె ఆపని నాకు, ఆ మాట వినాల్సి రావడం చాలా బాధ కలిగించింది. ఇంకో సంగతి, నేను ఇంటి రుణానికి దరఖాస్తు చేసుకునే ప్రయత్నంలో ఉన్నాను. టెలికాం బకాయిలు కూడా క్రెడిట్ రిపోర్టుకు ఎక్కవచ్చని మీకు తెలియనిది కాదు. లేని బాకీ అందులో కనిపిస్తే బ్యాంకు ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే.

కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిన 1,500 రూపాయల డిపాజిట్ మీ దగ్గర ఉంది. దాన్ని ఈ బిల్లులకింద జమ చేసుకుని ఖాతా సరిపెట్టవద్దని ప్రత్యేకంగా మనవి. అలా చేస్తే ఖాతా సున్నాకు రావచ్చు గానీ, ఆ రెండు నెలల బాకీని నేను ఒప్పుకున్నట్టవుతుంది. ముందు బిల్లులు రద్దు కావాలి, ఆ తర్వాత డిపాజిట్ మొత్తం నా బ్యాంకు ఖాతాకు రావాలి. ఖాతా వివరాల కోసం రద్దు చేసిన చెక్కు ఒకటి జతచేశాను. బిల్లుల కోసం ఇచ్చిన ఆటోపే అనుమతిని నా వైపు నుంచి ఆపేశాను, మీ రికార్డుల్లో కూడా తొలగించండి.

ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనల్లో కనెక్షన్ మూసివేతకూ, డిపాజిట్ వాపసుకూ గడువులు ఉన్నాయి. రౌటరు అప్పగించి రెండున్నర నెలలు దాటింది. కాబట్టి ఈ లేఖ అందిన ఏడు పనిదినాల్లో మూసివేత పూర్తిచేసి ధ్రువపత్రం పంపించగలరు.

ఆ ధ్రువపత్రం సంస్థ లెటర్‌హెడ్ మీద, అధికారి సంతకంతో ఉండాలి. "మీ అభ్యర్థన స్వీకరించాం" అనే ఎస్సెమ్మెస్ బ్యాంకులో చెల్లదు, ఇంటి ఓనరుకు చూపించడానికీ పనికిరాదు. నా పేరు, ఖాతా నంబరు, తెనాలి చిరునామా, మూసివేత 29 మార్చి 2025 నుంచి వర్తిస్తుందన్న మాట, రౌటరు మీకు అందిందన్న మాట, ఈ ఖాతా మీద ఎలాంటి బకాయీ లేదన్న మాట, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. వసూళ్ల ఏజెన్సీకి ఇచ్చిన నా వివరాలు వెనక్కి తీసుకున్నారనీ, క్రెడిట్ సంస్థలకు ఏదైనా పంపి ఉంటే సరిచేశారనీ అందులోనే రాయండి. ఒక ప్రతి కింది చిరునామాకు పోస్టులో పంపి, మరొకటి ఖాతాలో నమోదైన నా ఈమెయిల్‌కు పంపితే చాలు. చివరి బిల్లును సున్నా మొత్తంతో జత చేయండి.

ఈ లేఖను ఫిర్యాదుగా నమోదు చేసి డాకెట్ నంబరు తెలియజేయండి. గడువులోగా పరిష్కారం రాకపోతే ఆ నంబరుతో మీ సంస్థ అప్పీలేట్ అథారిటీకి అప్పీలు చేసుకుంటాను. అంతదాకా వెళ్లాలని నాకు లేదు. రసీదు నంబరు మీ పుస్తకంతో ఒకసారి సరిచూస్తే విషయం అక్కడికక్కడే తేలిపోతుంది. మరేదైనా కాగితం కావాలంటే అడగండి, వెంటనే పంపుతాను. ఫోనులో మాట్లాడాల్సి వస్తే సాయంత్రం ఆరు తర్వాత ఖాతాలో ఉన్న మొబైల్ నంబరుకు చేయండి, పగలు తరగతిలో ఉంటాను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
పి. నాగరత్నం
ఫ్లాట్ 302, రామంతపూర్,
హైదరాబాద్ – 500013.

జతపరచినవి: రౌటరు అప్పగింత రసీదు నకలు, మార్చి బిల్లు చెల్లింపు రసీదు, ఏప్రిల్, మే బిల్లుల నకళ్లు, యాప్‌లోని వాడకం పట్టిక ప్రింటు, డిపాజిట్ రసీదు నకలు, ఇల్లు ఖాళీ చేసినట్టు ఓనరు గారు రాసిచ్చిన కాగితం, రద్దు చేసిన చెక్కు, స్వయంగా సంతకం చేసిన గుర్తింపు కార్డు నకలు, దాని మీద "కనెక్షన్ మూసివేతకు మాత్రమే" అని రాశాను.